గంపకు కొలత లేదు

సండే స్కూల్లో టీనేజీ పిల్లలకు టీచరు ఓ లెక్క ఇస్తారనుకుందాం. ఇంటర్ కుర్రాడు సెలవుల్లో రోజుకు 500 చొప్పున తొమ్మిది రోజులు కేటరింగ్ పనికి వెళ్లాడు. యజమాని పొరబాటున 5,000 ఇచ్చాడు. గుడికి కానుక ఎంత?

‘ఐదు వందలు’ అని ఠక్కున వస్తుంది జవాబు. దశమభాగం లెక్క అందరికీ వచ్చు మరి! కానీ కుర్రాడి కష్టార్జితం 4,500. మిగతాది యజమానిది. అది తిరిగిచ్చాకే కానుక మాట. లేదంటే పరుల సొమ్ముతో భక్తి చాటుకున్నట్టే. ఇంట్లో చెప్పే అంకె కూడా 4,500 కావాలి, నాలుగు వేలు కాదు.

అప్పుడు ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయం తెరుస్తారు. ఇశ్రాయేలు రైతు తొలిపంటను గంపలో తెస్తాడు. తెచ్చి, తన జనం కథ చెప్పుకోవాలి: పూర్వీకుడు దేశదిమ్మరి, ఐగుప్తులో వెట్టిచాకిరీ, విడుదల, ఇప్పుడీ నేల. ఆపై లేవీయులతో, పరదేశులతో కలిసి సంతోషించాలి. గంపలో ఎంతుండాలో మాత్రం అక్కడ కొలత లేదు. మూడో ఏటి దశమభాగం గురించి అదే అధ్యాయంలో విడిగా ఉంది. రెంటినీ కలిపేస్తేనే కృతజ్ఞత కాస్తా పన్నులా కనిపిస్తుంది.

అందుకే పిల్లలు ముందు పేర్లు రాస్తారు: పని చూపించిన బాబాయి, వడ్డన నేర్పిన అన్న, అర్ధరాత్రి దాకా మేలుకున్న అమ్మ. అంకె ఆ తర్వాత. ఒకరు 450 రాస్తారు, ఫీజు బాకీ ఉన్నవాళ్లు 50 రాస్తారు. ఆ చీటీలను టీచరు అడగరు.