గజిబిజి మెసేజ్‌లో ఏముంది?

టికెట్ తెరవగానే తెరమీద à°¡à°¬à±à°¬à± à°°à°¾à°²à±‡à°¦à± అని కనిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్లు దీన్ని స్పామ్ అనుకుని మూసేస్తారు. హైదరాబాద్‌లో కస్టమర్ సపోర్ట్ చూసే ఒక టీమ్ లీడ్ తన సిబ్బందికి రాసిన ఉత్తరం ఈ వరసతోనే మొదలవుతుంది. అది స్పామ్ కాదు, ‘డబ్బు రాలేదు’ అని రీఫండ్ కోసం ఎదురుచూస్తున్న మనిషి పెట్టిన మెసేజ్.

ఇలా ఎందుకవుతుంది? యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. దారిలో ఏ పాత ఫారమో ఆ బైట్లను విండోస్-1252 అనే పాశ్చాత్య అక్షరాల పట్టికతో చదివితే, ఒక్క ‘డ’ కాస్తా à°¡ అని మూడు ముక్కలవుతుంది. à°, à± జంటలు వరసగా కనిపిస్తే అది తెలుగే. à¤, à¥ అయితే సాధారణంగా హిందీ.

ఈ రకం చాలావరకు తిరిగొస్తుంది. ఆ పాఠాన్ని పాశ్చాత్య ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేసి, యూటీఎఫ్-8గా మళ్లీ తెరిస్తే తెలుగు కనిపిస్తుంది. అయితే ఒక చిక్కుంది. కొమ్ముకూ, పొల్లుకూ ఉన్న మూడో బైటుకు ఆ పట్టికలో గుర్తే లేదు. కొన్ని సిస్టమ్‌లు దాన్ని పారేస్తాయి. అప్పుడు రెండింటికీ à± ఒక్కటే మిగులుతుంది. ‘డబ్బు’లో రెండు ‘బ’ల మధ్య ఉన్నది వత్తు కోసమని, చివరిది కొమ్మని తెలుగు చదివేవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు, సాఫ్ట్‌వేర్‌కు అది తెలియదు. అందుకే ఇలాంటి టికెట్లు తెలుగు వచ్చినవాళ్లకే ఇవ్వాలని ఉత్తరం పట్టుబడుతుంది. ఆ పట్టుదల సబబే.

0 నుంచి 9 దాకా అంకెలు మాత్రం ఈ గందరగోళంలో చెక్కుచెదరవు. ఆర్డర్ నంబర్ కనిపిస్తే ముందు దాన్నే వెతకాలి.

అన్నీ ప్రశ్నార్థకాలే ఉంటే సంగతి వేరు. సాధారణంగా అక్షరాలు నిల్వ చేసేటప్పుడే పోయి ఉంటాయి, అప్పుడు ఎంత తంటాలు పడినా రావు. ఖాళీ డబ్బాలు కనిపిస్తే తరచుగా మన కంప్యూటర్‌లో ఫాంట్ లేకపోవడమే కారణం. వేరే మెషిన్‌లో తెరిచి చూడాలి.

పూర్తిగా ఖాళీగా వచ్చినవాటికి జవాబు రాసేముందు అటాచ్‌మెంట్‌నూ, మెయిల్ అసలు రూపాన్నీ చూడమంటుంది ఉత్తరం. స్క్రీన్‌షాట్ ఒక్కటే పెట్టి ఊరుకునేవాళ్లు చాలామంది. ఏమీ దొరక్కపోతే, ‘సరిగ్గా రాయండి’ అనకూడదు. ‘మీ మెసేజ్ మాకు ఖాళీగా అందిందండి, మీరు రాసింది ఫొటో తీసి పంపగలరా?’ అని అడగాలి. చెడిపోయిన దారిలోనే మళ్లీ పంపమనడం కన్నా ఫొటో నయం, అందులో ఎన్‌కోడింగ్ గొడవ ఉండదు.

ప్రతి టికెట్‌లోనూ మెసేజ్ ఏ ఫారం నుంచి, ఏ ఫోన్ నుంచి వచ్చిందో కూడా రాసి ఉంచాలి. చెడినవన్నీ ఒకే ఫారం నుంచి వస్తుంటే, ఆ చిట్టా పట్టుకుని ప్రోగ్రామర్ల దగ్గరికి వెళ్లవచ్చు.