అంకె మారింది... లెక్క మార్చిందెవరు?

2020 ఆగస్టు 12న బ్రిటన్‌లో కోవిడ్ మరణాల సంఖ్య ఒక్కసారిగా 5,377 తగ్గిపోయింది. ప్రభుత్వ డాష్‌బోర్డు మీద 46,706గా ఉన్న మొత్తం 41,329 అయింది. అక్కడ మారింది లెక్క పద్ధతి. అప్పటిదాకా ఇంగ్లండ్‌లో ఒకసారి పాజిటివ్ వచ్చిన మనిషి ఆ తర్వాత ఎప్పుడు చనిపోయినా, ఏ కారణంతో చనిపోయినా కోవిడ్ మరణాల్లోనే చేరేవారు. కోలుకుని ఇంటికెళ్లి, కొన్ని నెలలకు గుండెపోటుతో పోయినవారూ అందులోకే వచ్చేవారు. కొత్త పద్ధతిలో పాజిటివ్ వచ్చిన 28 రోజుల లోపు జరిగిన మరణాలనే లెక్కించారు. ఏ పద్ధతి తీసేశారో, ఏది పెట్టారో, ఎందుకు మార్చారో ఆ రోజే బయటికి చెప్పారు. ఆ వివరణ లేకపోతే ఐదు వేల మరణాలు ఎటు పోయాయన్న ప్రశ్నకు జవాబే ఉండేది కాదు.

మన చుట్టూ ఇప్పుడు ఇలాంటి డాష్‌బోర్డులు చాలా ఉన్నాయి. ఆసుపత్రిలో ఓపీల సంఖ్య, గోదాములో సరుకు, బ్యాంకు శాఖలో బకాయిలు, డెయిరీలో పాల సేకరణ. వీటిలో ఎక్కువ భాగం ఎవరూ ముట్టుకోకుండానే తెల్లవారేసరికి కొత్త అంకెలతో సిద్ధంగా ఉంటాయి. సౌకర్యం అదే, చిక్కూ అదే. చేత్తో రాసిన రిజిస్టరులో లెక్క మారిస్తే కొట్టివేత కనిపిస్తుంది. తనంతట తాను తాజా అయ్యే డాష్‌బోర్డు రోజూ పాత అంకెలను చెరిపి మొత్తం మళ్లీ లెక్కగడుతుంది కాబట్టి నిన్నటి సూత్రం జాడ కూడా మిగలదు. అందుకే దాని పక్కన మార్పుల చిట్టా ఒకటి ఉండాలి. లెక్క ఎప్పుడు మారింది, ఏం మారింది, దానికి ఎవరు బాధ్యులు అన్నది అందులో వరసగా రాసి ఉండాలి.

డాష్‌బోర్డులో అంకె మారడానికి మూడే కారణాలుంటాయి. నిజంగానే పని పెరిగి ఉండవచ్చు, తగ్గి ఉండవచ్చు. ఆలస్యంగా అందిన వివరాలు ఇప్పుడు చేరి ఉండవచ్చు. లేదా లెక్కించే సూత్రాన్నే ఎవరో మార్చి ఉండవచ్చు. తెర మీద ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. మూడోదాన్ని మొదటి రెండింటి నుంచి విడదీసి చూపించడమే చిట్టా పని.

ఒక డెయిరీని ఊహించుకుందాం. రోజుకు 40,000 లీటర్ల పాలు సేకరిస్తుంది. పల్లెల్లోని కేంద్రాల్లో పాలను లీటర్లలో కొలుస్తారు. రైతుకు డబ్బు లెక్కగట్టేటప్పుడు మాత్రం పాలను కిలోల్లోకి మార్చి, అందులో వెన్న ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ ఎంత అని చూస్తారు. లీటరు పాలు దాదాపు 1.03 కిలోలు తూగుతాయి. డాష్‌బోర్డు లీటర్లలో, చెల్లింపులు కిలోల్లో ఉండటంతో ప్రతి నెలా రెండూ పొసగక తగవు వస్తోంది. జూలై 14న సూత్రాన్ని మార్చారు. మారింది ఒక్క లైను.

```
SUM(qty_ltr)
SUM(qty_ltr * 1.03)
```

మర్నాడు పొద్దున్నే డాష్‌బోర్డులో 40,000కు బదులు 41,200 కనిపించింది. కేంద్రాలకు అదనంగా ఒక్క చుక్క కూడా రాలేదు. అయినా సేకరణ మూడు శాతం పెంచాలన్న లక్ష్యం పెట్టుకున్న మేనేజరుకు లక్ష్యం చేరినట్టే అనిపిస్తుంది.

ఇక్కడే అసలు నిర్ణయం ఒకటి ఉంది. చాలామంది చిట్టాలో అదే రాయరు. కొత్త సూత్రం గడిచిన రోజులకూ వర్తిస్తుందా, లేక జూలై 14 నుంచి మాత్రమేనా?

అప్పటి నుంచి మాత్రమే అయితే గ్రాఫులో ఆ రోజు ఒక మెట్టు కనిపిస్తుంది. గ్రాఫు చూసేవారు దాన్ని పెరుగుదల అనుకుంటారు. 2020 ఫిబ్రవరి 12న చైనాలోని హుబేయ్ రాష్ట్రంలో ఒక్కరోజులో 14,840 కొత్త కోవిడ్ కేసులు నమోదైనప్పుడు ప్రపంచమంతా చూసింది ఇలాంటి మెట్టునే. ల్యాబ్ పరీక్షలో తేలినవారితో పాటు, సీటీ స్కాన్ వంటి ఆధారాలతో వైద్యులు నిర్ధారించినవారినీ ఆ రోజు నుంచి లెక్కలోకి తీసుకున్నారు. అలా చేరినవారే 13,332 మంది.

గడిచిన రోజులకూ వర్తింపజేస్తే మెట్టు ఉండదు. గ్రాఫు నునుపుగా సాగిపోతుంది. కానీ అప్పుడు ఇంకొకరు మోసపోతారు. జూన్ నెల నివేదిక 12,00,000 లీటర్లని అచ్చయి బోర్డు సభ్యుల చేతుల్లో ఉంది. డాష్‌బోర్డు తెరిస్తే అదే జూన్‌కు 12,36,000 చూపిస్తోంది. రెండూ నిజమే, రెంటికీ పొంతన లేదు. బ్రిటన్ ఎంచుకున్నది ఈ రెండో దారి. మొత్తాన్ని మొదటి నుంచీ తిరగరాసింది.

మెట్టు గ్రాఫు చూసేవారిని తప్పుదారి పట్టిస్తుంది, తిరగరాత పాత కాగితం పట్టుకున్నవారిని తికమక పెడుతుంది. ఏ దారి ఎంచుకున్నా ఎవరో ఒకరికి వివరణ బాకీ పడతాం. చిట్టాలో ఒక్క పద్దు ఆ బాకీ తీరుస్తుంది. డెయిరీ పద్దు ఇలా ఉంటే చాలు.

తేదీ: జూలై 14న మార్చాం, జూలై 15 ఉదయం నుంచి కనిపిస్తుంది
మారిన అంకె: రోజువారీ పాల సేకరణ
ముందు: కేంద్రాల్లో కొలిచిన లీటర్ల మొత్తం
ఇప్పుడు: కిలోలు, లీటరుకు 1.03 చొప్పున
కారణం: చెల్లింపుల లెక్కకూ దీనికీ ఒకే కొలత ఉండాలని
గడిచిన రోజులకు: ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుంది
తేడా: జూలై 13కు 40,000 లీటర్లు, ఇప్పుడు 41,200 కిలోలు
బాధ్యులు: సేకరణ విభాగం మేనేజరు
మార్చినవారు: డేటా విభాగం ఉద్యోగి

తేడా అన్న వరుసను వదిలెయ్యకూడదు. పాత సూత్రంతో, కొత్త సూత్రంతో ఒకే రోజు వివరాలను లెక్కగట్టి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టాలి. జూలై 13 పాత అంకెను జూలై 15 కొత్త అంకెతో పోలిస్తే అసలు పాలలో వచ్చిన హెచ్చుతగ్గులు కూడా ఆ తేడాలో కలిసిపోతాయి. ఒకే రోజుకు చూస్తేనే సూత్రం తెచ్చిన తేడా ఎంతో విడిగా తెలుస్తుంది. ఈ పని మార్చేరోజే చెయ్యాలి. నెల తర్వాత పాత సూత్రం ఎవరి దగ్గరా ఉండదు.

పద్దులో మనుషులు ఇద్దరున్నారు. కోడ్ మార్చిన ఉద్యోగికి 1.03 ఎక్కడ రాయాలో తెలుసు. కిలోల్లోకి మారాలా వద్దా అన్నది అతను తేల్చే విషయం కాదు. రేపు రైతు సంఘం వచ్చి అడిగితే జవాబు చెప్పాల్సింది సేకరణ మేనేజరే. చాలా చిట్టాల్లో మార్చినవారి పేరే ఉంటుంది, ఎందుకంటే కంప్యూటరు దాన్ని తనంతట తాను నమోదు చేస్తుంది. నిర్ణయించినవారి పేరు మనిషి పూనుకుని రాయాలి. ఆ మేనేజరు బదిలీ అయితే ఆ అంకె ఎవరి బాధ్యతలోకి వెళ్లిందో కూడా తేదీతో కొత్త పద్దుగా రాయాలి. లేకపోతే రెండేళ్లకు ఆ అంకెకు దిక్కు ఉండదు, మార్చడానికి ఎవరికీ ధైర్యమూ ఉండదు.

కోడ్ మార్పులన్నీ గిట్‌లో భద్రంగా ఉంటాయి కదా, వేరే చిట్టా దేనికి అని కొందరు అడుగుతారు. గిట్‌లో పై రెండు లైన్లూ, మార్చినవారి పేరూ, సమయమూ ఉంటాయి. ఎంత తేడా వచ్చిందో, ఎవరు ఒప్పుకున్నారో, పాత నెలలు మారాయో లేదో ఎవరూ రాయకపోతే అందులో ఉండవు. పైగా బోర్డు సభ్యులు గిట్ తెరవరు. చిట్టా అంకె ఉన్న పేజీలోనే, ఒక్క నొక్కుతో తెరుచుకునేలా ఉండాలి. గ్రాఫు మీద జూలై 14 దగ్గర నిలువు గీత గీసి ‘కొలత మారింది’ అని రాస్తే ఇంకా మంచిది.

ప్రతిదీ రాసినా చిట్టా పాడవుతుంది. రంగు మార్చాం, శీర్షిక సరిచేశాం అన్న పద్దుల మధ్య 1.03 మరుగున పడిపోతుంది. ఏదైనా ఒక అంకె మారగలదా అన్నదే కొలబద్ద. మారే వీలుంటే రాయాలి, లేకపోతే వద్దు. రాసిన పద్దును దిద్దకూడదు కూడా. ఆగస్టులో మళ్లీ లీటర్లకే వెళ్లాలనుకుంటే పాత పద్దును కొట్టెయ్యకుండా కింద ఇంకో పద్దు రాయాలి. లేకపోతే జూలై అంకెలు ఎందుకలా ఉన్నాయో తర్వాతివారికి తెలియదు.

రాయడం మరిచిపోయిన మార్పును పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. రోజూ డాష్‌బోర్డు తాజా అయ్యే ముందు, గడిచిన రెండు నెలల రోజువారీ అంకెలను వేరే పట్టికలో దాచుకోవాలి. తాజా అయ్యాక పోల్చి చూడాలి. నిన్నామొన్నటి అంకెలు ఆలస్యంగా వచ్చిన చీటీల వల్ల కొద్దిగా కదలడం మామూలే. మూడు వారాల కిందటి అంకె కదిలితే మాత్రం ఆగి చూడాలి. చిట్టాలో పద్దు ఉంటే సరే. లేకపోతే ఎవరో చెప్పకుండా సూత్రం మార్చారు, లేదా మూలంలో పాత వివరాలను తిరగరాశారు.

ఈ పోలికకు దొరకని మార్పు ఒకటుంది. ఒక కేంద్రంవారు సెప్టెంబరు నుంచి తామే కిలోల్లో పంపడం మొదలుపెట్టారనుకోండి. డాష్‌బోర్డు దాన్ని లీటర్లనుకుని మళ్లీ 1.03తో గుణిస్తుంది. 1,000 లీటర్ల పాలు 1,030 కిలోలుగా వచ్చి 1,060.9 అవుతాయి. పాత రోజులు కదలవు, మన సూత్రమూ మారలేదు, చిట్టా ఖాళీగానే ఉంటుంది. అయినా ఇది కొన్ని గుర్తులతో బయటపడుతుంది. ఆ ఒక్క కేంద్రమే ఒకరోజు మూడు శాతం పైకి లేచి అక్కడే నిలబడుతుంది. నిజంగా పాలు పెరిగితే మేత, ఈతలు, ఎండావానలను బట్టి రోజుకోలా ఊగుతాయి, ఒకే నిష్పత్తిలో ఉండవు. రైతులకు చెల్లించిన డబ్బు కూడా అంత మేర పెరగదు. అందుకే వివరాలు పంపే ప్రతి కేంద్రం నుంచి, కొలత గానీ ఫారం గానీ మారిస్తే ముందే చెప్పే మనిషి ఒకరుండాలి. ఆ సమాచారమూ చిట్టాలో ఒక పద్దే.

లీటర్లు సరైనవా, కిలోలు సరైనవా అన్నది చిట్టా తేల్చదు. బ్రిటన్‌లోనూ 28 రోజుల గడువు ఒక్కటే సరిపోదని, ఇంగ్లండ్‌కు 60 రోజుల లెక్కను కూడా ప్రకటించారు. ఏ గడువు మేలన్నది వాదించుకోవలసిన విషయం. ఆ వాదన జరగాలంటే ముందు ఏ అంకె ఏ లెక్క ప్రకారం వచ్చిందో ఇరుపక్షాలకూ తెలియాలి. డెయిరీలో జూన్ నివేదిక పట్టుకుని బోర్డు సభ్యుడు నిలదీసినప్పుడు, మేనేజరు జూలై 14 పద్దు తీసి చూపించగలిగితే ఇక చర్చ కొలత మంచిచెడుల మీద నడుస్తుంది. పద్దు లేకపోతే ఎవరు అబద్ధం చెబుతున్నారన్న దాని మీద నడుస్తుంది.