‘కంగారు పడొద్దు’ అని సర్క్యులర్‌లో రాయకండి

2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. దుకాణాలు మినహా మిగతా వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల వరకు పని చేయించుకోవచ్చన్నది దాని సారాంశం. చాలామంది చెవిన పడింది ఆ ‘పది’ ఒక్కటే. వారానికి 48 గంటల పరిమితి ఎప్పటిలాగే ఉందనీ, అది దాటితే ఓవర్‌టైం ఇవ్వాలనీ, ఆరు గంటలకు మించి పని ఉంటే మధ్యలో కనీసం అరగంట విరామం ఉండాలనీ అదే కాగితంలో ఉంది. కానీ మారిన అంకె తలకెక్కినంత వేగంగా మారని అంకె ఎక్కదు.

ఆఫీసుల్లో అంటించే సర్క్యులర్లకూ ఇదే గతి పడుతుంది. పనివేళలు మారాయన్న కబురు వినగానే ఉద్యోగి ముందు ఆలోచించేది వేళల గురించి కాదు, జీతం గురించి. తర్వాత సెలవులు, ఆ తర్వాత ‘ఎవరినైనా తీసేస్తారా’ అన్నది. కాగితంలో వీటికి జవాబు లేకపోతే మధ్యాహ్నం టీ దగ్గర ఎవరో ఒకరు సొంతంగా చెప్పేస్తారు. ఆ జవాబు మంచిగా ఉండటం అరుదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో నూట ఇరవై మంది పనిచేసే ఒక ఆఫీసు ఉందనుకోండి. సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం 10 నుంచి సాయంత్రం 5:30 వరకు పని, మధ్యలో అరగంట భోజన విరామం. దాన్ని వారానికి ఐదు రోజులు చేసి, వేళలను 9:30 నుంచి 6:30కి మార్చాలని యాజమాన్యం అనుకుంది. ఇది శుభవార్తే కదా, ఇందులో భయపెట్టేదేముంది అనిపిస్తుంది. అందుకే ఈ ఉదాహరణ. చెడు కబురు చెప్పేటప్పుడు అందరూ జాగ్రత్త పడతారు. మంచి కబురనుకున్న దాన్ని రెండు వాక్యాల్లో రాసి పారేస్తారు, గొడవ అక్కడ మొదలవుతుంది.

ఆ రెండు వాక్యాలు సాధారణంగా ఇలా ఉంటాయి: ‘వచ్చే నెల 1 నుంచి శనివారం సెలవు. వారం మొత్తం పనిగంటల్లో మార్పు ఉండదు.’ ఇప్పుడు లెక్క వేయండి. పాత పద్ధతిలో రోజుకు ఏడు గంటల చొప్పున ఆరు రోజులకు 42 గంటలు. కొత్త పద్ధతిలో రోజుకు ఎనిమిదిన్నర చొప్పున ఐదు రోజులకు 42 గంటల 30 నిమిషాలు. అరగంట పెరిగింది. రాసినవారికి ఇది తట్టి ఉండకపోవచ్చు, కానీ అకౌంట్స్ సెక్షన్‌లో ఎవరికో ఒకరికి పది నిమిషాల్లో తడుతుంది. వారానికి అరగంట ఎవరికీ పెద్ద భారం కాదు. అయితే ‘మార్పు లేదు’ అన్న మాట తప్పని తేలింది కాబట్టి అదే కాగితంలోని మిగతా మాటలను కూడా ఎవరూ నమ్మరు. శుక్రవారం ఆరు గంటలకే వదిలేస్తే లెక్క సరిగ్గా 42కు వస్తుంది. లేదంటే అరగంట పెరుగుతోందని ఒప్పుకోవాలి. రెండింటిలో ఏదైనా పరవాలేదు, దాచడం మాత్రం కుదరదు.

జీతం లెక్క ఇంకా సున్నితమైనది. నెల జీతం మారదని రాస్తారు, అది నిజమే. మరి జీతం కోత పడే సెలవు పెడితే? ఇంతకాలం నెలకు 26 పనిదినాల లెక్కన కోసేవారనుకుందాం. రూ.26,000 జీతగాడికి రోజుకు వెయ్యి రూపాయలు పోయేది. శనివారం సెలవయ్యాక ఎవరైనా ఆ 26ను 22గా మారిస్తే, అదే ఒక్కరోజు సెలవుకు దాదాపు రూ.1,182 పోతుంది. దీన్ని సర్క్యులర్‌లో రాయకపోతే మొదటి నెల జీతం స్లిప్పులో బయటపడుతుంది, అప్పటికి ఎంత సర్దిచెప్పినా దొంగతనంగా కోసినట్టే కనిపిస్తుంది.

సెలవులదీ అదే కథ. శుక్రవారం, సోమవారం సెలవు పెట్టినవారికి మధ్యలోని శని, ఆదివారాలు కూడా సెలవు ఖాతాలో పడతాయా? కొన్ని సంస్థల్లో ‘శాండ్‌విచ్ రూల్’ పేరుతో లెక్కిస్తారు. ఇంతకాలం మధ్యలో ఆదివారం ఒక్కటే ఉండేది. ఇప్పుడు రెండు రోజులయ్యాయి కాబట్టి, పెట్టింది రెండు రోజుల సెలవైనా ఖాతాలో నాలుగు పోతాయేమోనన్న అనుమానం వస్తుంది. పండగ శనివారం పడితే బదులు సెలవు ఇస్తారా అన్నది ఇంకొక ప్రశ్న. సెలవుల పాలసీని మార్చే ఉద్దేశం లేకపోయినా, పనిదినాలు మారిన రోజున అది దానంతటదే కొంత మారిపోతుంది. ఈ సంగతి చాలామంది మేనేజర్లకు తట్టదు.

ఇక అసలు దెబ్బ ఎవరికో చూద్దాం. ఆఫీసులో హౌస్‌కీపింగ్ వాళ్లు, ఆఫీసు బాయ్‌లు, కొందరు సెక్యూరిటీ సిబ్బంది ఏజెన్సీ తరఫున పనిచేస్తూ ఉంటారు. వాళ్లలో చాలామందికి పనిచేసిన రోజుకే కూలి. మిగతావారికి సెలవైన శనివారం వీళ్లకు కూలి పోయిన రోజు. రోజుకు రూ.500 అనుకున్నా నెలకు రెండు వేలు, ఐదు శనివారాలొచ్చే నెలలో రెండున్నర వేలు. ‘అయితే మా శనివారం డబ్బులు పోయినట్టేనా సార్?’ అని ఊడ్చే ఆమె అడిగేదాకా ఈ విషయం ఎవరికీ గుర్తు రాదు. సర్క్యులర్ ఈమెయిల్‌లో వెళ్తుంది, ఆమెకు ఈమెయిల్ ఉండదు. ఏజెన్సీతో ముందే మాట్లాడాలి. శనివారం శుభ్రం చేసే పని కొనసాగుతుందా, లేక రోజువారీ రేటు సవరిస్తారా అన్నది తేలాకే ప్రకటన చేయాలి. తేలకముందే చెప్పే ప్రకటన వాళ్ల వరకు ‘మీ గురించి ఇంకా ఆలోచించలేదు’ అన్నట్టే ఉంటుంది.

చట్టం కూడా దీన్ని మర్యాద వ్యవహారంగా వదిలేయలేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 9ఏ ప్రకారం పనిగంటలు, విరామాలు, జీతంతో కూడిన సెలవుల వంటివి మార్చాలంటే ఆ మార్పు తగిలే కార్మికులకు ముందుగా నోటీసు ఇవ్వాల్సి ఉండేది, ఇచ్చాక 21 రోజుల దాకా అమలు చేసే వీలుండేది కాదు. దాని స్థానంలోకి తెచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో సెక్షన్ 40 కూడా ఇదే గడువు పెట్టింది. మేనేజర్ల వంటివారు చట్టం చెప్పే కార్మికుల కోవలోకి రారు. అయినా ఆఫీసంతటికీ ఒకే గడువు పాటించడమే తెలివైన పని. పిల్లల స్కూలు బస్సు, ఎంఎంటీఎస్ రైలు, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకునే ఆయా వేళలు సర్దుకోవడానికి మూడు వారాలు ఎలాగూ కావాలి. మరొకటి, మన ఉదాహరణలో రోజు పని ఎనిమిది గంటలు దాటింది. తెలంగాణలో పై ఉత్తర్వు దానికి వీలు కల్పిస్తుంది. వేరే రాష్ట్రంలో ఆఫీసుంటే అక్కడి నిబంధన చూసుకోవాలి.

ఇప్పుడు కాగితం సంగతి. ‘కార్యనిర్వహణ సామర్థ్యాన్ని పెంపొందించే దిశగా యాజమాన్యం సమీక్షించి నిర్ణయించిన మీదట’ అని మొదలుపెడితే చదివేవారి చూపు నేరుగా చివరి పేరాకు దూకుతుంది, కోత ఎక్కడుందా అని. ‘ఎవరూ కంగారు పడాల్సిన పనిలేదు’ అన్న వాక్యం మరీ ప్రమాదం. కంగారు పడాల్సింది ఏదో ఉందని దాంతోనే అర్థమవుతుంది. కారణం కూడా ఉన్నదున్నట్టు రాయాలి. శనివారం ఏసీ, జనరేటర్ ఖర్చు మిగులుతుందన్నది కారణమైతే అదే చెప్పండి. ‘మీ కుటుంబ సంక్షేమం కోసం’ అంటే నవ్వుకుంటారు.

మన ఆఫీసు ఇలా రాయవచ్చు:

‘వచ్చే నెల 1వ తేదీ నుంచి మన ఆఫీసు సోమవారం నుంచి శుక్రవారం వరకు పనిచేస్తుంది. వేళలు ఉదయం 9:30 నుంచి సాయంత్రం 6:30, శుక్రవారం 6 గంటల వరకు. వారం మొత్తం 42 గంటలు, ఇప్పుడున్నంతే. నెల జీతం, ఏడాది సెలవుల సంఖ్య మారవు. జీతం కోత పడే సెలవుకు లెక్క 26 రోజుల మీదే ఉంటుంది. శుక్ర, సోమవారాలు సెలవు పెడితే మధ్యలో శని, ఆదివారాలు లెక్కలోకి రావు. పండగ శనివారం పడితే బదులు సెలవు ఉండదు. శనివారం కరెంటు, నిర్వహణ ఖర్చు తగ్గించడానికి ఈ మార్పు. ఉదయం 9:30కు రావడం ఇబ్బందయ్యేవారు 20వ తేదీలోగా హెచ్ఆర్‌కు చెప్పండి. 10 నుంచి 7 వరకు పనిచేసే వీలు ఉంది.’

ఇందులో ‘బదులు సెలవు ఉండదు’ అన్నది చేదు మాట. దాన్ని తీసేయకూడదు. ఒక నష్టం స్పష్టంగా కనిపిస్తే దాచినవి ఇంకేమీ లేవని నమ్ముతారు. ఇదే విషయం తెలుగులో, ఇంగ్లిష్‌లో గేటు దగ్గర బోర్డు మీద కూడా పెట్టాలి. స్టాండింగ్ ఆర్డర్లు వర్తించే పెద్ద సంస్థల్లో ఆ ఆర్డర్లను ఇంగ్లిష్‌లోనూ, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ ప్రవేశద్వారం దగ్గర ప్రదర్శించాలని 1946 నాటి చట్టమే చెప్పింది.

ఎవరికి ముందు చెప్పాలన్నది చిన్న విషయం కాదు. ఏజెన్సీ సిబ్బందికీ, కొత్త వేళతో బాగా ఇబ్బందిపడే ఇద్దరు ముగ్గురికీ ముందు ముఖాముఖి చెప్పాలి. టీం లీడర్లకు ఒకరోజు ముందు చాలు. అంతకంటే ముందైతే కబురు బయటికి పాకుతుంది, అసలు చెప్పకపోతే తమవాళ్లు అడిగినప్పుడు ‘నాకూ ఇప్పుడే తెలిసింది’ అంటారు. ఆ ఒక్క మాటతో సగం భయం పుడుతుంది. మిగతా అందరికీ ఒకేసారి, మంగళవారమో బుధవారమో ఉదయం పంపాలి. శుక్రవారం సాయంత్రం పంపి ఇంటికి వెళ్లిపోతే, వాట్సాప్ గ్రూపుల్లో సోమవారం దాకా ప్రశ్నలే ఉంటాయి, జవాబు చెప్పేవారు ఉండరు.

కొత్త పద్ధతిని ప్రయోగంగా పెడితే గడువు తేదీ చెప్పాలి, కొనసాగింపుపై నిర్ణయం ఎప్పుడు చెబుతారో కూడా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాలకు అయిదు రోజుల వారం ఏడాదికని ఇచ్చి, తర్వాత పొడిగిస్తూ వచ్చారు. అలా పొడిగింపుల మీద నడిచేటప్పుడు ఈసారి ఉంటుందా పోతుందా అన్న చర్చ గడువు దగ్గర పడినప్పుడల్లా తప్పదు. ఆఫీసులో అయితే గడువుకు నెలముందే నిర్ణయం చెప్పేస్తే సరిపోతుంది.

చివరగా ఒక చిన్న పని, ఎక్కువ ఆఫీసులు మరిచేది ఇదే. బయోమెట్రిక్ యంత్రంలో షిఫ్టు వేళలు మార్చకపోతే కొత్త నెల మొదటి శనివారం అందరికీ గైర్హాజరు పడుతుంది, జీతాల సాఫ్ట్‌వేర్ దాన్ని నమ్మేస్తుంది. సర్క్యులర్ మీద సంతకం పెట్టే ముందు, ఆ మార్పు చేశారో లేదో సిస్టమ్స్ వాళ్లను పిలిచి అడగండి.