అనువదించినా ఆనవాళ్లు మిగులుతాయి

2011 ఫిబ్రవరిలో జర్మనీ రక్షణ మంత్రి కార్ల్ థియోడోర్ జు గుటెన్‌బెర్గ్ పీహెచ్‌డీ థీసిస్‌ను ఇంటర్నెట్‌లో ఎందరో ఔత్సాహికులు పేజీలు పంచుకుని మరీ జల్లెడ పట్టారు. దొరికిన కాపీలను రకాలవారీగా విడదీశారు. ఉన్నదున్నట్టు ఎత్తిరాసినవి ఒక రకం, మాటలు అటూ ఇటూ మార్చి రాసినవి ఇంకో రకం. ఇంగ్లిష్ రచనల్లోంచి జర్మన్‌లోకి దించుకుని ఆ సంగతి చెప్పకుండా దాటేసినవి మరో రకం. వాటికి వాళ్లు అనువాద చౌర్యం అని పేరు పెట్టారు. బైరాయిట్ విశ్వవిద్యాలయం ఆ నెలలోనే డాక్టరేట్‌ను వెనక్కి తీసుకుంది. మార్చి 1న మంత్రి రాజీనామా చేశారు.

ఇలాంటి కాపీ మామూలు తనిఖీ సాఫ్ట్‌వేర్‌కు చిక్కదు. అది వరసగా కలిసే మాటల కోసం వెతుకుతుంది. ఇంగ్లిష్ పేరాను తెలుగులోకి మారిస్తే కలిసే మాట ఒక్కటీ ఉండదు కాబట్టి నివేదికలో సున్నా వస్తుంది. ఈ లొసుగును పూడ్చడానికి వచ్చినవే భాషలు దాటి వెతికే తనిఖీలు. మన పరిశోధక విద్యార్థులకు బాగా తెలిసిన టర్నిటిన్‌లోనూ అలాంటి సదుపాయం ఉంది. రష్యాలో ఆంటీప్లేజియట్ సంస్థ పరిశోధకులు తమ క్రాస్‌లాంగ్ వ్యవస్థ పని చేసే తీరును 2019లో ప్రచురించారు. రష్యన్ రచనకు ఇంగ్లిష్ మూలం ఎక్కడైనా ఉందేమో పట్టుకోవడం దాని పని.

ఆ పద్ధతిని తెలుగు వాక్యంతో చూద్దాం. ఒక థీసిస్‌లో ‘డ్రిప్ పెట్టుకున్న రైతులకు సాగు ఖర్చు తగ్గింది’ అని ఉందనుకుందాం. ఎవరిదో ఇంగ్లిష్ వ్యాసంలోని వాక్యానికి ఇది అనువాదం. సాఫ్ట్‌వేర్ ముందుగా థీసిస్ మొత్తాన్ని యంత్రంతో ఇంగ్లిష్‌లోకి మారుస్తుంది. మూల వ్యాసంలోని వాక్యమే తిరిగి వస్తుందన్న హామీ లేదు. అక్కడ ‘ఫార్మర్స్’ అని ఉంటే ఇక్కడ ‘కల్టివేటర్స్’ అని రావచ్చు, ‘కాస్ట్’ బదులు ‘ఎక్స్‌పెండిచర్’ రావచ్చు. క్రియ ఉండే చోటు కూడా మారిపోవచ్చు.

అందుకే సాఫ్ట్‌వేర్ మాటలను నేరుగా పోల్చదు. అర్థంలో దగ్గరగా ఉన్న మాటలను ముందే గుంపులు చేసి ఒక్కో గుంపుకు ఒక్కో నంబరు ఇచ్చి ఉంచుతారు. ‘ఫార్మర్’, ‘కల్టివేటర్’ రెండూ ఉదాహరణకు 214వ గుంపు, ‘కాస్ట్’, ‘ఎక్స్‌పెండిచర్’ రెండూ 87వ గుంపు. ఇప్పుడు మూలమూ అనువాదమూ ఒకే నంబర్లుగా మారిపోతాయి. పక్కపక్కనున్న కొన్ని నంబర్లను ఒక కట్టగా తీసుకుని, కట్టలోపల చిన్న నంబరు నుంచి పెద్ద నంబరుకు పేర్చేస్తే వాక్యంలో మాటల వరస మారినా ఇబ్బంది ఉండదు. ఒక్కో కట్ట ఒక్కో వేలిముద్ర లాంటిది. లక్షల వ్యాసాల వేలిముద్రలు ముందే సిద్ధంగా ఉంటాయి కాబట్టి, ఎక్కువ ముద్రలు కలిసిన కొద్దిపాటి వ్యాసాలను మాత్రం చప్పున ఏరి పక్కన పెట్టొచ్చు.

అసలు పోలిక ఆ తర్వాతే మొదలవుతుంది. ఏరిన వ్యాసాల్లోని ప్రతి వాక్యాన్నీ దాని అర్థాన్ని సూచించే సంఖ్యల వరసగా మార్చి, థీసిస్‌లోని వాక్యాలతో పక్కపక్కన పెడతారు. ఒక వాక్యం కలిస్తే పట్టించుకోనక్కర్లేదు. డ్రిప్ వల్ల ఖర్చు తగ్గిందని ఎవరైనా రాయొచ్చు. వరసగా ఏడెనిమిది వాక్యాలు అదే క్రమంలో కలిస్తే మాత్రం సాఫ్ట్‌వేర్ ఆ భాగానికి రంగు పూస్తుంది.

రంగు పడినంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు. తీర్పు చెప్పాల్సింది రెండు భాషలూ చదవగలిగిన మనిషి. ఆయన చూసే గుర్తులు వేరు. అవే ఆధారాలను అదే వరసలో ఉదహరించారా? మూలంలో తప్పు పడిన సంవత్సరమో పేజీ నంబరో ఇక్కడా అదే తప్పుతో ఉందా? ఉంటే రాసినవారు ఆ పుస్తకాలు తెరిచి చూడలేదని తేలిపోతుంది. కానీ చట్టంలోని సెక్షన్ల అనువాదం, ప్రామాణిక నిర్వచనాలు, ప్రయోగ పద్ధతిని వివరించే రివాజు వాక్యాలు ఎవరు రాసినా ఒకేలా ఉంటాయి. వాటికి రంగు పడితే కంగారు పడనక్కర్లేదు.

సున్నా వచ్చిందని నిశ్చింతగా ఉండటానికీ లేదు. మూలం సాఫ్ట్‌వేర్ భాండాగారంలో లేకపోతే దొరకదు. తెలుగుకు ఇంకో చిక్కు ఉంది. పాత అను ఫాంట్లలో టైప్ చేసిన పీడీఎఫ్‌లు కంటికి తెలుగులాగే కనిపిస్తాయి. వాటిలోంచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే అర్థంలేని గుర్తుల గజిబిజి బయటపడుతుంది. సాఫ్ట్‌వేర్ చదివేదీ ఆ గజిబిజినే. పేజీలను ఫొటోల్లా స్కాన్ చేసిన థీసిస్‌లోనైతే, అక్షరాలను గుర్తుపట్టే ప్రక్రియ జరిపితే తప్ప, చదవడానికి ఏమీ ఉండదు. సమర్పించే ప్రతి యూనికోడ్‌లో ఉందో లేదో ముందే చూసుకుంటే, తప్పుడు సున్నా చూసి మోసపోయే ప్రమాదం తప్పుతుంది.

మరి ఇంగ్లిష్‌లో చదివి తెలుగులో రాసే నిజాయితీపరులు ఏం చేయాలి? జాగ్రత్త నోట్సు రాసుకునే దగ్గరే మొదలవ్వాలి. ఇంగ్లిష్ పుస్తకం చదువుతూ తెలుగులో నోట్సు తీసుకుంటే, ఆర్నెల్ల తర్వాత అందులో ఏది తన ఆలోచనో ఏది అనువాదమో తనకే గుర్తుండదు. ప్రతి నోట్సు పక్కనా పేజీ నంబరుతో పాటు ‘మక్కీకి మక్కీ’ అనో, ‘సారాంశం’ అనో, ‘నా మాట’ అనో రాసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

ఇతరుల మాటలను అనువదించి ఇచ్చేటప్పుడు ‘అనువాదం నాది’ అని చెప్పి, మూల వాక్యాన్ని ఫుట్‌నోట్‌లో ఇవ్వడం అన్నిటికన్నా భద్రం. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ శైలిలో సొంత అనువాదానికి కొటేషన్ గుర్తులు అక్కర్లేదు, దాన్ని సొంత మాటల్లో చెప్పినట్టే లెక్కిస్తారు. అయినా మూలాన్ని ఉదహరించడం తప్పనిసరి. గుటెన్‌బెర్గ్ థీసిస్‌ను శోధించినవారు ఇంకో రకం దొంగదారిని కూడా గుర్తించారు. ఒక్క వాక్యానికి ఫుట్‌నోట్ ఇచ్చి, దాని వెనకే అదే మూలంలోంచి పేరాలకు పేరాలు దించేయడం. అనువాదంలో ఇది తెలియకుండానే జరిగిపోతుంది. మూలం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వాక్యంలోనే తెలిసేలా రాయాలి.

తన వ్యాసాన్నే రెండో భాషలో అచ్చువేయాలంటే అందుకూ మార్గం ఉంది. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ దాన్ని ద్వితీయ ప్రచురణ అంటుంది. రెండు పత్రికల సంపాదకుల అనుమతి ఉండాలి, ఇది ఇంతకుముందు ఫలానా చోట అచ్చయిందని పాఠకులకు కనిపించేలా చెప్పాలి.

యూజీసీ 2018 నిబంధనల్లో చౌర్యమంటే ఇతరుల రచననో ఆలోచననో తనదిగా చూపించుకోవడం. అందులో భాష ప్రస్తావన లేదు. పోలిక 10 శాతం దాటితే థీసిస్ సవరించి ఇవ్వాలి, 40 దాటితే ఏడాదిపాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. కాబట్టి అనువదించిన భాగాలు, ముందే అచ్చయిన సొంత వ్యాసాలు ఏ అధ్యాయంలో ఎక్కడున్నాయో ఒక పేజీలో రాసి థీసిస్‌తో పాటే గైడ్‌కు ఇవ్వండి. రంగు పడ్డాక ఇచ్చే అదే పేజీని సంజాయిషీ కిందే చూస్తారు.