విమానం దిగే వేళ వేరు, మనిషి బయటికొచ్చే వేళ వేరు

అమెరికా నుంచి కూతురూ అల్లుడూ వస్తున్నారు. టికెట్ మీద శంషాబాద్‌లో దిగే సమయం ఆదివారం తెల్లవారుజామున 3.10 అని ఉంది. విజయవాడలో ఇంటివాళ్ళంతా ఆ 3.10నే పట్టుకుని కారు మాట్లాడతారు. కానీ ఆ సమయం విమానానిది. కారు లెక్క వేయాల్సింది మనుషులు సామాన్ల ట్రాలీ తోసుకుంటూ బయటికొచ్చే సమయాన్ని బట్టి. ఈ రెంటికీ మధ్య గంట తేడా ఉండటం మామూలే, గంటన్నర కూడా పట్టవచ్చు. అది లెక్కలోకి రాకపోతే డ్రైవరు రోడ్డు పక్కన పడిగాపులు పడతాడు. మరీ ఎక్కువగా లెక్కేసుకుంటే ఇరవై నాలుగు గంటల ప్రయాణం చేసినవాళ్ళు సూట్‌కేసుల మీద కూర్చుని ఎదురుచూస్తారు.

ముందు తేదీ సంగతి. ఆదివారం తెల్లవారుజామున దిగే విమానానికి కారు బయల్దేరాల్సింది శనివారం రాత్రి. “ఆదివారం రాత్రి మూడింటికి” అని డ్రైవరుతో అంటే అతను సోమవారం తెల్లవారుజాము అనుకునే ప్రమాదం ఉంది. అందుకే “శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి మా ఇంటి దగ్గర ఉండాలి” అని బయల్దేరే వేళే చెప్పాలి. టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి సమయమే కాబట్టి, దిగే సమయంలో మళ్ళీ గంటలు కలపడం, తీయడం అక్కర్లేదు.

ఇప్పుడు గంట ఎక్కడ పోతుందో చూద్దాం. చక్రాలు నేలను తాకగానే ఫోన్లో “Landed” అని కనిపిస్తుంది. అక్కడి నుంచి విమానం మెల్లగా గేటు దాకా వచ్చి తలుపు తీయడానికి పది, పదిహేను నిమిషాలు. తర్వాత ఇమిగ్రేషన్. ఇక్కడే ఎవరూ ముందుగా చెప్పలేని ఆలస్యం ఉంటుంది. గల్ఫ్ నుంచి వచ్చే విమానాలు తెల్లవారుజామున ఒకదాని వెనుక ఒకటి దిగుతుంటాయి. మనవాళ్ళ విమానం వేళకే వచ్చినా, దానికి పావుగంట ముందు మరో రెండు పెద్ద విమానాలు దిగి ఉంటే వరస బారెడు ఉంటుంది. ఎయిర్‌పోర్టు వెబ్‌సైట్లో ఆ వేళకు దిగే విమానాల పట్టిక ఉంటుంది. మనవాళ్ళ విమానానికి ముందు అరగంటలో ఏవేం దిగుతున్నాయో చూస్తే వరస ఎలా ఉంటుందో అంచనా దొరుకుతుంది. తరచూ వచ్చే భారత పౌరులకూ, ఓసీఐ కార్డున్నవాళ్ళకూ వరసలో నిలబడే పని తప్పించే ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ పథకం 2025 జనవరిలో హైదరాబాద్‌కూ వచ్చింది. దానికి ముందే దరఖాస్తు చేసుకుని ఉండాలి.

తర్వాత సామాన్ల బెల్టు, కస్టమ్స్. చక్రాల కుర్చీ అడిగిన పెద్దవాళ్ళను మామూలుగా అందరూ దిగాకే దింపుతారు. వాళ్ళ విషయంలో గంటన్నర అనుకోవడమే మేలు. మన ఉదాహరణలో పడుచు దంపతులు కాబట్టి గంట వేసుకుందాం. అంటే 4.10కి బయటికొస్తారు.

ఇక్కడి నుంచి వెనక్కి లెక్కిద్దాం. విజయవాడ నుంచి శంషాబాద్‌కు 65వ నంబరు హైవే మీద వచ్చి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కితే సుమారు ఐదు గంటలు. టీకి, డ్రైవరు ఒళ్ళు విరుచుకోవడానికి అరగంట. రాత్రి తొమ్మిదిన్నరకు బయల్దేరితే మూడింటికి శంషాబాద్ చుట్టుపక్కల ఉంటారు. చౌటుప్పల్ దగ్గర టోల్‌గేటులో వాహనాలు ఆగినా, పొగమంచు పట్టినా గంటకు పైగా చేతిలో ఉంటుంది. సంక్రాంతి రోజుల్లో మాత్రం ఈ లెక్క సరిపోదు. ఆ మూడు నాలుగు రోజులు ఊళ్ళకు వెళ్ళేవాళ్ళతో ఒకవైపు, పండగయ్యాక తిరిగొచ్చేవాళ్ళతో రెండోవైపు ఈ రోడ్డు నిండిపోతుంది.

ఈ లెక్కలో చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. దోహా నుంచి హైదరాబాద్‌కు విమాన ప్రయాణం సుమారు నాలుగు గంటలే. కారు ప్రయాణం అంతకంటే ఎక్కువ. అంటే మన కారు విజయవాడలో బయల్దేరే వేళకు వాళ్ళు ఎక్కాల్సిన రెండో విమానం దోహాలో ఇంకా లేవనే లేదు. డాలస్‌లో శుక్రవారం సాయంత్రం బయల్దేరిన మొదటి విమానం ఆలస్యమై, దోహాలో రెండోది తప్పిపోయిందనుకోండి. మన ఫోన్లో ఆ రెండో విమానం మాత్రం వేళకే వస్తున్నట్టు కనిపిస్తుంది, కానీ అందులో మనవాళ్ళు ఉండరు. అందుకని ఇంటివాళ్ళు చూడాల్సింది మొదటి విమానాన్ని. మన ఉదాహరణలో అది దోహాలో సాయంత్రం 5.30కి, అంటే మనకు రాత్రి 8 గంటలకు దిగుతుంది. రెండోది మనకు రాత్రి 11కి లేస్తుంది. ఎనిమిదికీ తొమ్మిదిన్నరకీ మధ్య “దోహాలో దిగాం” అన్న మెసేజి వస్తే కారు తీయొచ్చు. రాకపోతే, మొదటి విమానం దిగిందో లేదో చూశాకే తీయాలి. దోహా ఎయిర్‌పోర్టు వైఫైకి కలిసి ఆ ఒక్క మాట పంపమని వాళ్ళు బయల్దేరకముందే చెప్పి ఉంచాలి.

శంషాబాద్‌లో దిగాక ఫోను పని చేస్తుందని నమ్మకం పెట్టుకోవద్దు. రెండేళ్ళ కిందటి మన సిమ్ రీఛార్జి లేక ఆగిపోయి ఉంటుంది. ఉచిత వైఫైకి ఓటీపీ కావాలి, అది అమెరికా నంబరుకు రాకపోవచ్చు. రోమింగ్ పెట్టుకోవడమో, ముందే ఈ-సిమ్ కొనుక్కోవడమో మంచిది. రెండూ కుదరకపోతే కలుసుకునే చోటు, డ్రైవరు నంబరు, కారు నంబరు కాగితం మీద రాసుకుని రావాలి.

బెల్టు మీద ఆఖరి సూట్‌కేసు తీశాక ఫోను చేయాలి, అంతకుముందు వద్దు. ఆ ఫోను వచ్చేదాకా కారు శంషాబాద్ వైపు టీ దుకాణం దగ్గరో, ఎయిర్‌పోర్టు పార్కింగులోనో ఉండాలి. గేటు ముందు ఎక్కువసేపు నిలబడనివ్వరు. కారు వస్తోందని తెలిశాకే లోపలివాళ్ళు బయటికి రావాలి. లోపల కుర్చీలు, బాత్రూములు ఉంటాయి. ఒకసారి గుమ్మం దాటాక మళ్ళీ లోపలికి పంపరు.

కారు ఎంత పెద్దదన్నది కూడా ఈ లెక్కలో భాగమే. మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు చొప్పున నాలుగు, చేతి సంచులు రెండు. సీఎన్‌జీ ట్యాక్సీలో డిక్కీలో సగం సిలిండరే ఉంటుంది. ఇన్నోవా మాట్లాడినా, మూడో వరస సీట్లు మడిస్తే గానీ ఆ పెట్టెలు పట్టవు. అప్పుడు డ్రైవరు కాక మిగిలేవి నాలుగు చోట్లు. వచ్చేవాళ్ళు ఇద్దరు పోగా, ఎదురెళ్ళడానికి ఇద్దరికే చోటుంటుంది. అమ్మ, నాన్న, పిన్ని, మేనమామ అందరూ బయల్దేరితే తిరుగు ప్రయాణంలో ఎవరో బస్సెక్కాలి. లేదంటే పైన క్యారియర్ ఉన్న బండి అడగాలి. కారు మాట్లాడేటప్పుడే పెట్టెలెన్నో చెబితే, నాలుగున్నర గంటల వేళ రోడ్డు మీద నిలబడి సామాను సర్దే పని తప్పుతుంది.

ఇక డ్రైవరు. రాత్రంతా నడిపి, వెంటనే మరో ఐదు గంటలు తిరిగి నడపమనడం ప్రమాదం. తెల్లవారుజామున కళ్ళు మూతలు పడతాయి, వెనుక సీట్లోవాళ్ళు ప్రయాణపు అలసటతో నిద్రపోతుంటారు, మాట్లాడించేవాళ్ళుండరు. శనివారం పగలు వేరే ట్రిప్పు వేయకుండా నిద్రపోయిన మనిషిని పంపమని ట్రావెల్స్‌వాళ్ళను అడగాలి. రెండో డ్రైవరుకు బత్తా ఇవ్వగలిగితే ఇంకా మంచిది, అయితే అతనికీ కారులో ఒక సీటు తీసి ఉంచాలి. ఇద్దరు కుదరనప్పుడు పార్కింగులోనే డ్రైవరును రెండు గంటలు పడుకోనిచ్చి, వెలుగొచ్చాక బయల్దేరాలి. ఇంటికి చేరేది పదికి బదులు పన్నెండవుతుంది. ఆ సంగతి ముందే అనుకుంటే, ఇంట్లోవాళ్ళు టిఫిన్ బదులు భోజనం వండి పెడతారు.