బావిలో వేలాడే ఉక్కు

నిలువుగా వేలాడే కడ్డీకి కింద ఏ బరువూ కట్టకపోయినా దానిలో బిగువు ఉంటుంది. కడ్డీలోని ఏ అడ్డకోతనైనా తీసుకుంటే, దాని కింద ఉన్న భాగమంతటి బరువునూ ఆ కోతే మోయాలి. అందుకే కింది కొసలో బిగువు సున్నా, పైకి వచ్చేకొద్దీ పెరిగి, పట్టు దగ్గర గరిష్ఠం. కడ్డీని రెండింతలు లావు చేస్తే బరువు రెండింతలవుతుంది, మోసే వైశాల్యమూ రెండింతలవుతుంది. చదరపు మిల్లీమీటరుకు పడే భారం మారదు. లెక్కలోకి వచ్చేవి పదార్థపు సాంద్రత, పొడవు మాత్రమే. రాగి కడ్డీ ఎంత లావున్నా 4801 మూరల పొడవు చేరేసరికి తన బరువుకే తెగుతుందని గెలీలియో 1638లో ప్రచురించిన పుస్తకంలో లెక్కగట్టాడు. ఆయన మూర ఇటలీ మూర, మన మూర కాదు.

ఉక్కుకు ఈ లెక్క సులువు. కిలోమీటరు పొడవు ఉక్కు కడ్డీని వేలాడదీస్తే పైకొసలో సుమారు 77 మెగాపాస్కల్ ప్రతిబలం పుడుతుంది. ఇళ్లలో, వంతెనల్లో కడ్డీలు కొన్ని మీటర్లే కాబట్టి ఇంజనీరు దీన్ని తరచూ పక్కన పెట్టేస్తాడు. పక్కన పెట్టలేని చోటు కోనసీమ కొబ్బరితోటల మధ్య నిలబడే డ్రిల్లింగ్ రిగ్గు.

అమెరికాలోని స్పిండిల్‌టాప్‌లో 1901లో రోటరీ పద్ధతి పేరు తెచ్చుకున్నప్పుడు బావి లోతు 350 మీటర్లకు లోపే. ఆ లోతులో పైపు తన బరువు గురించి దిగులుపడనవసరం లేదు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో పరిస్థితి వేరు. నదులు కోట్ల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు, బంకమట్టి, ఇసుకరాయి పొరలు ఇక్కడ కిలోమీటర్ల మందాన పేరుకున్నాయి. 1978లో నరసాపురం దగ్గర ఓఎన్‌జీసీ తొలి బావి తవ్వినప్పటి నుంచి రాజోలు, తాటిపాక, పాశర్లపూడి పరిసరాల్లో రిగ్గులు తిరుగుతూనే ఉన్నాయి. రాజమహేంద్రవరం ఈ పనికి కేంద్రం. నాలుగు కిలోమీటర్ల బావి అంటే, చేతి వెడల్పంత గొట్టం నాలుగు కిలోమీటర్లు వేలాడుతున్నట్టే.

అలాంటి బావి ఒకదాన్ని ఊహించి లెక్క వేద్దాం. లోతు 4000 మీటర్లు. అడుగున 150 మీటర్ల డ్రిల్ కాలర్లు, అంటే మందపాటి బరువైన గొట్టాలు. వీటి బరువు సుమారు 33 టన్నులు. వాటి పైన అయిదు అంగుళాల డ్రిల్ పైపు 3850 మీటర్లు. పైపు గోడ ఒక్కటే అయితే మీటరుకు 27 కిలోలకు లోపే తూగుతుంది. కానీ ప్రతి పైపు కొసలకూ లావుపాటి మర జాయింట్లు ఉంటాయి. వాటితో కలిపి మీటరుకు 31 కిలోలు. జాయింట్లు బరువు పెంచుతాయిగానీ పైపు మధ్యభాగపు వైశాల్యాన్ని పెంచవు. కాబట్టి ఇక్కడి ప్రతిబలం పాఠ్యపుస్తకపు సాదా కడ్డీ కంటే ఎక్కువ. మొత్తం గాలిలో సుమారు 152 టన్నులు.

బావి నిండా మడ్ అనే బురద ద్రవం ఉంటుంది. దాని సాంద్రత నీటికి ఒకటిన్నర రెట్లనుకుంటే, ఆ తేలుడు వల్ల రిగ్గు కొక్కేనికి చేరే బరువు 81 శాతానికి, అంటే 123 టన్నులకు తగ్గుతుంది. ఈ బేసిన్‌లోని కొన్ని పొరల్లో పీడనం మరీ ఎక్కువ కాబట్టి బావిని అదుపులో ఉంచడానికి మడ్‌ను బరువుగా కలపాల్సి వస్తుంది. ఆ బరువే పైపుకు కాస్త ఊరట.

పై పైపు గోడలో ఇప్పుడు 355 మెగాపాస్కల్ ఉంది. మామూలు రకమైన ఈ-గ్రేడు ఉక్కు 517 దగ్గర సాగిపోతుంది. చూడగానే చాలినంత మిగులు ఉన్నట్టుంటుంది. కానీ వాడిన పైపు గోడ అరుగుతుంది. అయిదోవంతు మందం అరిగిందని లెక్కిస్తే ఈ పైపు మోయగలిగింది దాదాపు 141 టన్నులు. దానిలోనూ తొంభై శాతమే, అంటే 127 టన్నులే, నమ్మడం రివాజు. బరువు 123. మిగిలింది నాలుగు టన్నులు. బంకమట్టి పొర ఉబ్బి పైపును పట్టేస్తే విడిపించడానికి నలభై, యాభై టన్నుల అదనపు లాగుడు కావాలి. నాలుగు టన్నులతో ఆ పని కాదు.

లావు చేయడం మందు కాదని మొదటే చూశాం. మందు, పై భాగాన్ని మాత్రమే గట్టిగా చేయడం. పాఠ్యపుస్తకంలో దీని ఆదర్శ రూపం పైకి పోయేకొద్దీ లావయ్యే కడ్డీ. వెడల్పు వైపు పైన ఉండేలా శంకువును వేలాడదీస్తే పైన ప్రతిబలం అంతే పొడవున్న సమాన కడ్డీలో మూడోవంతే, సాగుడూ మూడోవంతే. ప్రతి కోతలోనూ ఒకే ప్రతిబలం కావాలంటే వైశాల్యం పైకి ఘాతాంక రీతిలో పెరగాలి. బావిలో అంత నునుపైన రూపం కుదరదు కాబట్టి మెట్లుమెట్లుగా చేస్తారు: వెడల్పు మార్చి కాని, అదే కొలతలో ఉక్కు గ్రేడు మార్చి కాని. మన లెక్కలో 45 టన్నుల లాగుడు మిగిలేలా చూస్తే ఈ-గ్రేడు పైపు కాలర్ల మీద సుమారు 2200 మీటర్ల వరకే పనికొస్తుంది. ఆ పైన 1650 మీటర్లు జీ-గ్రేడు పెట్టాలి. అరిగిన స్థితిలోనూ అది 198 టన్నులు మోస్తుంది. తొంభై శాతం లెక్కన పైకొసలో 55 టన్నుల మిగులు. రిగ్గు మీద జాగ్రత్త ఒక్కటే: గట్టి పైపు కిందికి, మెత్తటిది పైకి పోయేలా వరుస తారుమారు కాకూడదు. రెండూ ఒకే వెడల్పు కాబట్టి చూపుతో పోల్చుకోలేరు. కొసల మీద చెక్కిన గుర్తులే ఆధారం.

మరో దారి, తేలిక లోహం. రష్యాలోని కోలా బావి 1989లో 12,262 మీటర్లు చేరింది. అక్కడ అల్యూమినియం మిశ్రమలోహపు పైపు వాడారు. దాని సాంద్రత ఉక్కులో మూడోవంతు కంటే కాస్త ఎక్కువ, మడ్‌లో తేలుడూ ఎక్కువ.

బరువుకు పైపు సాగుతుంది కూడా. 4000 మీటర్ల సాదా ఉక్కు కడ్డీ గాలిలో తన బరువుకే మూడు మీటర్లు సాగుతుంది. అదే బరువును కింది కొసన కట్టినట్టయితే సాగుడు ఆరు మీటర్లయ్యేది. బరువు పొడవునా పంచుకుని ఉండటంతో సగమవుతుంది. ఈ సాగుడును డ్రిల్లరు పనికి వాడుకుంటాడు. పైపు ఇరుక్కున్నప్పుడు ముందు అది తన బరువుకు సాగి ఉన్న స్థితిలో గుర్తు పెట్టుకుని, అదనంగా 20 టన్నులు లాగి ఎంత పైకి వచ్చిందో కొలుస్తాడు. 86 సెంటీమీటర్లు వస్తే, మన అయిదు అంగుళాల పైపుకు ఇరుకు చోటు దాదాపు 3000 మీటర్ల దగ్గర ఉందని అర్థం. వంకర బావిలో, రాపిడి ఎక్కువైన చోట ఈ లెక్క తప్పుతుంది. గోడ రాపిడే లాగుడులో కొంత మింగేస్తుంది.

పైపు తెగితే ముందుగా చెప్పేది కొక్కెం బరువు చూపే మీటరు. 123 టన్నుల ముల్లు ఒక్కసారిగా 60కి పడిందనుకుంటే, మడ్‌లో మీటరుకు 25 కిలోల చొప్పున దాదాపు 2400 మీటర్ల పైపు ఇంకా చేతిలో ఉంది, మిగతాది బావిలో జారిపోయింది. అయితే చాలా పైపులు ఒక్క దెబ్బన తెగవు. తిరిగే పైపు వంపుల్లో వంగుతూ అలసిపోయి సన్నటి పగులు పడుతుంది, దానిలోంచి మడ్ చిమ్మి రంధ్రాన్ని కోసేస్తుంది. అప్పుడు ముల్లు కదలదు; పంపు వేగం మారకుండానే పీడనం మెల్లగా దిగుతుంది. రంధ్రం పైభాగంలో పడితే అక్కడి కోత మీద 123 టన్నుల భారం అప్పటికే ఉంటుంది. అందుకే పీడనం దిగడం కనబడగానే తవ్వడం ఆపి పైపును బయటకు తీసి, జాయింటు జాయింటుగా రంధ్రం కోసం వెతుకుతారు.