ఉత్ప్రేరకం చేసే పని, చేయలేని పని

ఒక వంతు నత్రజని, మూడు వంతుల హైడ్రోజన్ కలిపి గది ఉష్ణోగ్రతలో సిలిండర్‌లో మూసి ఉంచితే, ఏళ్లు గడిచినా అమ్మోనియా వాసన కూడా రాదు. లెక్క వేసి చూస్తే మాత్రం ఆ ఉష్ణోగ్రతలో ఆ వాయువుల్లో చాలా భాగం అమ్మోనియాగా మారిపోవాలి. చర్య ఎంతవరకు సాగగలదన్నది ఒక ప్రశ్న, ఎంత వేగంగా సాగుతుందన్నది మరో ప్రశ్న. ఈ రెండూ వేర్వేరు. రామగుండం కర్మాగారంలో తయారయ్యే యూరియాకైనా ముందు అమ్మోనియా కావాలి. ఆ అమ్మోనియా తయారీలో ఈ తేడా అడుగడుగునా కనిపిస్తుంది.

వేగం సంగతి ముందు చూద్దాం. అణువులు ఒకదానితో ఒకటి ఢీకొంటేనే చర్య జరుగుతుందని అభిఘాత సిద్ధాంతం చెబుతుంది. 1916లో జర్మనీలో మాక్స్ ట్రౌట్జ్, 1918లో బ్రిటన్‌లో విలియం లూయిస్ ఎవరికి వారు ఈ సిద్ధాంతాన్ని రూపొందించారు. మామూలు గాలిలో ఒక్కో నత్రజని అణువు సెకనుకు దాదాపు 700 కోట్ల సార్లు మిగతా అణువులను గుద్దుకుంటుంది. ప్రతి తాకిడీ ఫలిస్తే ఏ చర్యయినా కన్ను మూసి తెరిచేలోగా ముగిసిపోవాలి. అలా జరగడం లేదంటే, తాకిడి ఒక్కటే చాలదన్నమాట.

అందుకు రెండు షరతులున్నాయి. మొదటిది శక్తి. పాత బంధాలు సడలాలంటే తాకిడికి కనీసం కొంత బలం ఉండాలి. ఆ కనీస శక్తినే ఉత్తేజన శక్తి అంటారు. రెండోది దిగ్విన్యాసం, అంటే తాకే సమయంలో అణువులు ఏ భంగిమలో ఉన్నాయన్నది. కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్ నుంచి ఒక ఆక్సిజన్ పరమాణువును లాక్కుని కార్బన్ డయాక్సైడ్‌గా మారే చర్య ఉంది. అక్కడ కార్బన్ ఉన్న కొస ఎదుటి అణువులోని ఆక్సిజన్‌కు తగలాలి. వెనక్కి తిరిగి ఉన్న కొస ఎంత గట్టిగా తగిలినా రెండూ విడిపోయి ఎవరి దారిన అవి పోతాయి.

సరైన భంగిమలో పడిన తాకిడుల వంతును దిగ్విన్యాస గుణకంగా లెక్కిస్తారు. హైడ్రోజన్, ఇథిలీన్ నేరుగా కలిసి ఈథేన్‌గా మారే చర్యలో, చాలినంత శక్తి ఉన్న తాకిడుల్లో కూడా పది లక్షలకు సుమారు రెండే ఫలిస్తాయి. ఈ గుణకాన్ని సిద్ధాంతం ముందుగా చెప్పలేదు. ప్రయోగంలో కొలిచిన వేగాన్ని లెక్కలో వచ్చిన వేగంతో పోల్చి రాబడతారు. అణువులను గట్టి గోళాలుగా ఊహించుకోవడమే ఈ సిద్ధాంతానికున్న పరిమితి. పొటాషియం, బ్రోమిన్ చర్యలో ఈ గుణకం 1 దాటి 4.8 వరకు వస్తుంది. రెండూ తాకకముందే పొటాషియం నుంచి ఎలక్ట్రాన్ దూకి బ్రోమిన్‌ను దగ్గరకు లాగడమే దానికి కారణం.

నత్రజని అణువులో రెండు పరమాణువులను మూడు బంధాలు కలిపి ఉంచుతాయి. వాటిని తెంచడానికి మోలుకు 945 కిలోజౌళ్లు కావాలి. పైగా ఒక నత్రజని, మూడు హైడ్రోజన్ అణువులు ఒకేసారి ఒకేచోట సరైన భంగిమలో ఢీకొనడం దాదాపు అసాధ్యం. ఇనుము ఉత్ప్రేరకంగా ఇక్కడే అక్కరకొస్తుంది. నత్రజని అణువు ఇనుము ఉపరితలానికి అంటుకుని, పక్కకు వాలి పడుకున్నప్పుడు, దాని బంధాలు సడలి రెండు పరమాణువులుగా విడిపోతుంది. హైడ్రోజన్ కూడా అక్కడే విడిపోతుంది. ఆ తర్వాత నత్రజనికి హైడ్రోజన్ ఒక్కొక్కటిగా చేరి, అమ్మోనియా తయారై ఉపరితలాన్ని వదిలి వెళ్తుంది. ఈ మెట్లన్నిటినీ వివరంగా తేల్చిన గెర్హార్డ్ ఎర్ట్‌ల్‌కు 2007లో నోబెల్ బహుమతి వచ్చింది. వీటిలో అన్నిటికంటే నెమ్మదైనది నత్రజని విడిపోయే మెట్టే.

శక్తి పటంలో దీన్ని రెండు ఊళ్ల మధ్య ఉన్న కొండగా చూడవచ్చు. ఉత్ప్రేరకం శిఖరం మీదుగా వెళ్లే దారికి బదులు తక్కువ ఎత్తులో ఒక కనుమ దారి చూపిస్తుంది. ఊళ్లు మాత్రం ఉన్నచోటే, ఉన్న ఎత్తులోనే ఉంటాయి. అర్థం కావడానికి కొన్ని ఊహా అంకెలు తీసుకుందాం. అమ్మోనియా వైపు ఎక్కాల్సిన ఎత్తు 200 కిలోజౌళ్లు అనుకుందాం. ఈ చర్యలో మోలు నత్రజనికి 92 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది కనుక, అవతలి ఊరు అంత దిగువన ఉంది. అటునుంచి తిరిగి రావాలంటే 292 ఎక్కాలి. ఉత్ప్రేరకం కనుమను 100 కిందికి దించితే ఇటువైపు 100, అటువైపు 192 అవుతాయి. తేడా మళ్లీ 92. 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముందుకు సాగే చర్య వేగం సుమారు 1.7 కోట్ల రెట్లు పెరుగుతుంది. వెనక్కి సాగే చర్య కూడా సరిగ్గా అన్ని రెట్లే పెరుగుతుంది. రెండు వేగాలూ సమానమైన చోటే సమతాస్థితి కాబట్టి, అది అంగుళం కూడా జరగదు. అక్కడికి చేరే సమయం మాత్రమే తగ్గుతుంది.

ఫ్రిట్జ్ హేబర్ 1904–05 కాలంలో చేసిన ప్రయోగాలు దీనికి చక్కని రుజువు. వెయ్యి డిగ్రీలకు కాస్త పైన వేడెక్కిన ఇనుము మీదుగా ఆయన అమ్మోనియాను పంపారు. దాదాపు అంతా విడిపోయి, రవ్వంత మిగిలింది. ఆ మిగిలినదాన్ని తొలగించి, వచ్చిన నత్రజని, హైడ్రోజన్‌లను మళ్లీ అలాంటి ఇనుము మీదుగానే పంపితే, దాదాపు అంతే రవ్వంత అమ్మోనియా తయారైంది. ఏ వైపు నుంచి బయల్దేరినా అదే ఇనుము అదే చోటికి చేర్చింది. అమ్మోనియాను తయారుచేసే ఇనుమే అమ్మోనియాను విడగొడుతుంది కూడా.

కర్మాగారాల కష్టం అంతా ఇక్కడే ఉంది. చర్య వేడిని వెలువరిస్తుంది కాబట్టి ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ సమతాస్థితిలో అమ్మోనియా తగ్గుతుంది. 200 అట్మాస్ఫియర్ల పీడనంలో 400 డిగ్రీల దగ్గర నూటికి సుమారు 36 వంతులు ఉండగలిగేది, 500 దగ్గర 18కి పడిపోతుంది. చల్లగా నడిపితే ఇనుము చురుగ్గా పనిచేయదు, వేడిగా నడిపితే వచ్చే సరుకే తక్కువ. అందుకే 400 నుంచి 500 డిగ్రీల మధ్య నడిపి, పీడనం పెంచి, వచ్చిన అమ్మోనియాను చల్లార్చి ద్రవంగా తీసేసి, మిగిలిన వాయువులను మళ్లీ లోపలికి పంపుతారు. సమతాస్థితిని కదిలించేవి పీడనం, ఉష్ణోగ్రత, సరుకును ఎప్పటికప్పుడు తీసేయడం. ఆ పట్టికలో ఉత్ప్రేరకానికి చోటు లేదు. మంచి ఉత్ప్రేరకం దొరికితే మరింత చల్లగా నడపవచ్చు, అందువల్ల దిగుబడి పెరగవచ్చు. ఆ పెరుగుదల ఉష్ణోగ్రత ఇచ్చింది, ఉత్ప్రేరకం దానికి వీలు కల్పించింది.

ఉత్పత్తి తగ్గినప్పుడు లోపం ఎక్కడుందో తేల్చడానికీ ఈ తేడాయే ఆధారం. గంధకం, కార్బన్ మోనాక్సైడ్, నీటి ఆవిరి లాంటివి ఇనుముకు విషాలు. అవి ఉపరితలాన్ని ఆక్రమిస్తే బయటికొచ్చే వాయువులో అమ్మోనియా, ఆ ఉష్ణోగ్రత, పీడనాలకు ఉండాల్సిన సమతాస్థితి విలువ కంటే బాగా తక్కువ ఉంటుంది. చర్య తగ్గినందువల్ల ఉత్ప్రేరకపు పొరలో పుట్టే వేడి కూడా తగ్గుతుంది. అప్పుడు ఉత్ప్రేరకాన్ని అనుమానించాలి. అలా కాక సమతాస్థితి విలువకు దగ్గరగానే వస్తుంటే, ఎంత ఖరీదైన కొత్త ఉత్ప్రేరకం పోసినా ఒక్క శాతం కూడా పెరగదు.

కొత్త ఉత్ప్రేరకంతో దిగుబడి పెరిగిందనే వార్త చదివినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: అదే ఉష్ణోగ్రతలో, అదే పీడనంలో, సమతాస్థితిని దాటి పెరిగిందా? దాటిందని ఎవరైనా అంటే, ఆ కొలతలోనో ఆ మాటలోనో తప్పుంది.